కీలో వదిలేసిన సి

నేను రాసిన మూడు ఉత్తరాల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. రెండు జనగామలోని ఒక లెక్చరర్‌కు, ఆయన బదిలీ అయ్యాక మూడోది భూపాలపల్లికి పంపాను. అందినట్టు రసీదులున్నాయి. అందుకే ఇక్కడ, అందరూ చదివేచోట రాస్తున్నాను.

మహబూబాబాద్‌లో, అంటే మా మానుకోటలో, ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. కురవి దగ్గరి తండా నుంచి ఒక అమ్మాయి నా క్లాసుకు వచ్చేది. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షకు హాస్టల్‌లో ఉంచి ఉచితంగా శిక్షణ ఇస్తారంటే, ఆ సీటు కోసం జనగామలో పరీక్ష రాసింది. ఒక్క మార్కు తేడాతో సీటు పోయింది.

దిద్దిన పేపరు తెచ్చి నా ముందు పెట్టింది. రెండు సైన్ ఎక్స్ కాస్ ఎక్స్‌ను సమాకలనం చేయమన్నది ప్రశ్న. ఆమె 'సైన్ స్క్వేర్ ఎక్స్ ప్లస్ సి' అని రాసింది. దాని మీద ఎర్ర గీత. పేపరుతో పాటు ఇచ్చిన జవాబుల కీలో ఉన్నది 'మైనస్ సగం కాస్ రెండు ఎక్స్'. సి లేదు.

"నాది తప్పా సార్?"

గంట కొట్టారు. తొందరలో ఉన్నాను. "కీతోని కలుస్తలేదు బిడ్డా" అన్నాను. ఆమె పేపరు నాలుగు మడతలు పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆమెది తప్పు కాదని మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాక గాని వెలగలేదు. మర్నాడే జనగామ వెళ్లి, కీ తయారుచేసిన లెక్చరర్‌ను కలిశాను.

"గీ ఒక్క అక్షరం కోసం మానుకోట నుంచి వచ్చినవా అన్నా?" అని నవ్వాడు. "సి లేకుండనే మా పిల్లలు ర్యాంకులు తెచ్చిండ్రు."

"ఎక్స్ సున్నా పెట్టండి సార్."

"నాది మైనస్ సగం. ఆమెది సున్నా. తప్పే గద?"

"తొంభై డిగ్రీలు పెట్టండి."

ఆయనది సగం వచ్చింది, ఆమెది ఒకటి.

"ఎక్కడ పెట్టినా గదే సగం తేడా. స్థిరాంకాన్ని అవకలనం చేస్తే సున్నా అయితది. వెనక్కి వచ్చేటప్పుడు ఏ స్థిరాంకం పోయిందో తెల్వదు. గందుకే సి రాస్తం. మీరు సి రాసుంటే రెండూ ఒకటేనని దిద్దినోళ్లకు తెలిసేది."

రెండు విలువలూ తానే మళ్లీ వేసి చూశాడు. ఆయనకు అర్థమైందని నాకు తెలుసు. "సీట్లొచ్చినోళ్ల లిస్టు పైకి పోయిందన్నా. గిప్పుడేం జేస్తం" అని లేచాడు.

తండాకు వెళ్తే, తల్లితో మరిపెడ వైపు మిర్చి ఏరడానికి పోయిందన్నారు. చేను గట్టున ఆమెకు అంతా చెప్పాను. "నీదే రైటు బిడ్డా."

చేతులకు మిర్చి ఘాటు అంటుకుని ఉంది. కళ్లను మోచేత్తో తుడుచుకుంది. "మరి గా రోజే ఎందుకు చెప్పలే సార్?"

తప్పు నాదేనని ఆమె ముందే ఒప్పుకున్నాను. ఆమె మళ్లీ కాలేజీకి రాలేదు.

అయ్యా, కీ తయారుచేసిన లెక్చరర్ గారూ, మీరింకా ఒప్పుకోలేదు. సీటు తిరిగి రాదని నాకూ తెలుసు. 'నీ జవాబు సరైనదే, నా కీ అసంపూర్ణం' అని ఆమె పేరున ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టండి. రాస్తారా, రాయరా? నాకు జవాబు కావాలి.