తమ్ముణ్ణి తీసేసిన చోటు

మా స్టూడియోలో కెమెరా మా ఆయనది, కంప్యూటర్ నాది. ఆయన అందర్నీ ఫొటోలోకి ఎక్కిస్తాడు, అక్కర్లేనివాళ్లను దించే పని నాకు పడుతుంది. రాజమండ్రిలో ఇరవై ఏళ్లుగా ఇదే సంసారం. కరెంటు స్తంభమైనా, విడాకులైన అల్లుడైనా నాకు ఒకటే.

ఓ రోజు బట్టల కొట్టు పెద్దాయన వచ్చారు. వాళ్ల కొట్టు ప్రారంభించిన సాయంత్రం మా ఆయన తీసిన ఫొటో ఒకటి మా సిస్టమ్‌లో ఉంది. కుర్చీలో వాళ్ల నాన్నగారు, కుడిపక్క ఈయన, ఎడమపక్క తమ్ముడు. తర్వాత నాన్నగారు కాలం చేశారు. తమ్ముడు వాటా తీసుకుని సరిగ్గా ఎదురుగా కొట్టు పెట్టాడు. ఇప్పుడు పెద్దాయన జంగారెడ్డిగూడెంలో ఇంకో కొట్టు తెరుస్తూ, ఆ ఫొటోని గోడ నిండేంత ఫ్రేము కట్టించాలనుకున్నారు. తమ్ముడు మాత్రం ఉండకూడదు.

"వచ్చినవాళ్లెవరూ మీ తమ్ముడేడండీ అని అడక్కూడదు మేడంగారూ. నాకు అంతే కావాలి."

తమ్ముడి చుట్టూ గీత గీసి, తీసెయ్యమని ఏఐకి చెప్పాను. తీసేసింది. ఆ చోట మీసాలున్న వేరే మనిషిని నిలబెట్టింది! గోడ మీద తమ్ముడి నీడను నేను వదిలేశాను మరి. నీడ ఉంది కాబట్టి మనిషి కూడా ఉండాలనుకుంది కాబోలు. ఈసారి నీడను కూడా కలిపి గీస్తే ఉత్త గోడ వచ్చింది.

పెద్దాయన మురిసిపోయారు. ఇంట్లో ఉన్న ఒక్క కాపీ ఎప్పుడో చింపేశారట. మా దగ్గరున్న అసలుది కూడా తీసెయ్యమని, అది రీసైకిల్ బిన్‌లోంచి కూడా పోయేదాకా నా వెనకే నిలబడ్డారు. కస్టమరు దేవుడని మా ఆయన అంటాడు కదా, తీసేశాను. నా బుద్ధి గడ్డి తింది.

పెద్ద సైజులో ప్రింటు తీసి చూస్తే నా తప్పు బయటపడింది. చాలీచాలని వెలుతురులో తీసిన ఫొటో కదా, అంతటా బొంబాయి రవ్వ చల్లినట్టు సన్నటి గ్రెయిన్ ఉంది. తమ్ముణ్ణి తీసేసిన చోట మాత్రం ఒక్క రేణువు లేదు, నున్నగా ఉంది. ఏఐ నింపిన చోట గ్రెయిన్ రాదు, మనమే వెయ్యాలి. స్క్రీన్ మీద ఫొటో మొత్తం చిన్నదిగా పెట్టుకుని చూసి బాగుందనుకున్నాను. దగ్గరికి లాక్కుని చూడాలన్న ఇంగితం లేకపోయింది.

"ఒక్క పూట టైమివ్వండి, ఆ చోట కూడా ఇదే సైజు గ్రెయిన్ వేసి కలిపేస్తాను," అన్నాను.

ఆయన ఆ నున్నటి చోటును ముచ్చటగా నిమిరారు. "ఇదే బాగుందండీ, స్మూత్‌గా! మిగతాదే గరుగ్గా ఉంది. మొత్తం ఇలాగే చేసెయ్యండి."

"నాన్నగారి మొహం కూడా చెరిగిపోద్దండీ!"

"పోనివ్వండి, నాలుగేళ్లు చిన్నగా కనపడతారు."

ఏం చెప్పను! మా దగ్గరికొచ్చే పెళ్లికూతుళ్ల దగ్గర్నుంచి వార్డు లీడర్ల దాకా అందరికీ ఈ స్మూత్ పిచ్చే. మొహంలో ముక్కూ కళ్లూ మిగిలితే చాలు వాళ్లకి. నేనూ మొత్తం నున్నగా చేసి పారేశాను. గ్రెయిన్ పోయింది, అతుకు కనపడకుండా పోయింది. నాన్నగారి మొహం పాలకోవాలా తయారైంది.

ఫొటో తీసుకెళ్లడానికి వాళ్లమ్మగారిని వెంటబెట్టుకొచ్చారు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఈయనెవర్రా?"

"నాన్నగారేనే అమ్మా!"

"మీ నాన్నకి బుగ్గ నిండా స్ఫోటకం మచ్చలుండేవి కదరా. ఏవీ?" అని నా వైపు తిరిగారు. "అసలు ఫొటో ఉందా అమ్మాయ్? ఆయనది నా దగ్గర ఇంకోటి లేదు."

అసలుది నా చేత్తో నేనే తీసేశాను. తల కొట్టేసినట్టయింది. ముందు తీసిన ప్రింటు చుట్ట చుట్టి కౌంటరు వెనక పడేశానని గుర్తొచ్చి, గబగబా తెచ్చి బల్ల మీద పరిచాను.

ఆవిడ వేలితో మొగుడి బుగ్గ తడిమారు. మచ్చలున్నాయి. ఆ వేలు అక్కణ్ణుంచి మెల్లగా పక్కకు జరిగి, నున్నటి గోడ మీద ఆగింది.

"అది పాడైపోయిందే అమ్మా," పెద్దాయన కంగారుపడ్డారు. "అక్కడ ఎవర్నో తీసేసినట్టు తెలిసిపోతోంది."

"తెలియనీరా," అన్నారావిడ, వేలు తియ్యకుండానే. "వాడు లేడని తెలుస్తోంది కదా, నాకదే చాలు. దీనికి ఫ్రేము కట్టమ్మా."