ఎక్కడికని అడిగిన పూట

మా వాళ్ళు నవ్వితే నాకు ముందు అనుమానం వస్తుంది. నమ్మి నవ్వారా, మాట తప్పించడానికి నవ్వారా అని మొహాలు చూసుకుంటాను. వండూర్‌లో క్లాసు చెప్పిన రోజు నుంచీ ఈ అలవాటు పట్టుకుంది.

మా తాత శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఈ దీవుల్లో వల వేశాడు. నాన్నా వేశాడు. నేను చదువుకుని, వేటకెళ్ళేవాళ్ళకి సముద్రం మీద జాగ్రత్తలు చెప్పే కాంట్రాక్టు ఉద్యోగంలో చేరాను. మెడలో కార్డు పడిందో లేదో, మా వాళ్ళకి సర్కారు మనిషినైపోయాను. దానికి తోడు మా తమ్ముడు ఫారెస్టు వాళ్ళ బోటు నడుపుతాడు. వండూర్ దగ్గర సముద్రంలో కొంత మేర నేషనల్ పార్కు, అందులో వల వెయ్యకూడదు, వేస్తే పట్టుకునేది ఆ ఫారెస్టు వాళ్ళే. ఎవరి బోటు అక్కడ పట్టుబడినా, ఎవరు చెప్పారన్న ప్రశ్న మా గుమ్మం దాకా వచ్చేది. పైకి ఎవరూ అనరు. నన్ను చూడగానే మాటలు మాత్రం ఆగిపోతాయి. నాకు ఒళ్ళు మండేది. ఎవరితో చెప్పుకోను?

అంతకు కొన్నాళ్ళ ముందు ఇంజను చెడిపోయి ఒక బోటు కొట్టుకుపోయింది. వెతకడానికి బోట్లు సిద్ధమయ్యాయి గాని, ఎటు వెతకాలో ఒడ్డున ఒక్కరికీ తెలీదు. మా వాళ్ళు చేప పడే చోటు సొంత బావమరిదికి కూడా చెప్పరు. ఆ బోటులో వాళ్ళు దొరికారు, అది అదృష్టం. అందుకే నా క్లాసులో అసలు పాఠం ఒక్కటే: బయల్దేరే ముందు ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఒడ్డున ఒకరికి చెప్పండి. ఆ ఒకరు నేనేనని, నా ఫోనుకి చెప్పాలని ఆఫీసులో నిర్ణయించారు. ఈ పాఠం తలకెక్కకపోతే మళ్ళీ ఎవరో కొట్టుకుపోతారు, ఈసారి దొరక్కపోవచ్చు.

కమ్యూనిటీ హాల్లో మగవాళ్ళు బెంచీల మీద, ఆడవాళ్ళు గుమ్మం దగ్గర చాప మీద కూర్చున్నారు. ముందు బెంచీలో ఉన్న కుర్రవాడు ఆ మధ్యాహ్నమే కొత్త బోటు నీళ్ళలో దింపబోతున్నాడు. అతని భార్య చాప మీద ఉంది, బోటు పూజకి కలిపిన పసుపు ఇంకా వేళ్ళకి అంటుకునే ఉంది.

పాఠం ఆడి చూపించాలని నాకు బుద్ధి పుట్టింది. ట్రైనింగులో మాకు అలాగే నేర్పారు, హిందీలో. అతన్ని లేవమన్నాను. అతను పక్కనున్న డీజిలు డబ్బా చేతపట్టుకుని గుమ్మం వైపు నడిచాడు. నేను గొంతు పెంచి, హిందీలో నేర్చుకున్న వాక్యాన్ని చక్కగా తెలుగులో అడిగాను. "ఎక్కడికి వెళ్తున్నావు?"

హిందీలో అదే మాట జెట్టీ మీద రోజూ వంద మంది అడుగుతారు, ఎవరికీ పట్టదు. తెలుగులో, అందులోనూ గంగమ్మ మీదికి కొత్త బోటు దించేవాడిని, ఎదురుగా నిలబడి ఎక్కడికని అడగడమా? మా ఇళ్ళల్లో అడగక తప్పకపోతే ఎంతవరకు అంటారు. అతను డబ్బా కింద పెట్టేశాడు. భార్య మొహం పాలిపోయింది. వెనక బెంచీలో ఇద్దరు ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ళకి అపశకునం కన్నా ప్రశ్నే ఎక్కువ కనబడింది. ఈవిడ తమ్ముడికోసం చోట్ల కూపీ లాగుతోంది అనే కదా ఆ చూపు.

కంగారులో నోటికొచ్చింది అన్నాను. సముద్రానికి చెవులుండవులెండి, వినలేదు అని నవ్వాను. నేనొక్కదాన్నే నవ్వాను. తప్పు నేను చేసి, వాళ్ళ నమ్మకం మీద హాస్యమాడితే ఎవరు నవ్వుతారు? పుండు మీద కారం చల్లినట్టయింది. ఒకాయన లేచి కండువా దులుపుకున్నాడు. ఆయన వెనక తక్కినవాళ్ళూ లేస్తారని తెలుస్తూనే ఉంది.

అప్పుడు నవ్వడం మానేశాను. తప్పు నాదే అని ముందు చెప్పాను, ఆ కుర్రవాడి వైపు కాదు, అతని భార్య వైపు చూసి. కుర్చీ లాగి, కూర్చో భయ్యా అన్నాను. మా పద్ధతి అదే కదా: అడిగించుకున్నవాడు వెనక్కొచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరాలి. గ్లాసుతో నీళ్ళిచ్చాను. అతను తాగాక నేనూ ఒక గ్లాసు ముంచుకున్నాను. దోషం అడిగిన నోటికి కదా, నేనూ కడుక్కోవాలి అన్నాను. ఎక్కడో చిన్న కదలిక వచ్చింది. అప్పుడు, గొంతు పెంచకుండా, నాలో నేను చెప్పుకున్నట్టు అన్నాను.

"చిన్నప్పుడు ఈ మాట అడిగినందుకు మా అమ్మ గరిటె తిరగేసేది. మన జాతి మొత్తం మీద, ఇదే అడిగితే జీతమిచ్చే ఉద్యోగం నాకొక్కదానికే దొరికింది."

చాప మీద చేపలమ్మే ముసలమ్మ ముందు నవ్వింది. ఆవిడ నోట్లో పళ్ళు లేవు గాని నవ్వుకి లోటు లేదు. ఆవిడ నవ్వితే నవ్వొచ్చని మిగతావాళ్ళకి అనుమతి దొరికినట్టయింది. కుర్రవాడూ నవ్వాడు. నిలబడ్డాయన కూర్చున్నాడు. ఇంకో జోకు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఒకటి చాలు, రెండోది వేస్తే తప్పుని కప్పిపుచ్చుతున్నానని తెలిసిపోతుంది. పాఠం ఎక్కడ ఆగిందో అక్కడికి వెళ్ళబోయాను.

కుర్రవాడు నవ్వు ఆపి నా కార్డు వైపు చూశాడు.

"నవ్వించినావు, బాగుంది దీదీ. మరి నాను సెప్పిన సోటు ఎవరి సెవిలో పడతాది?"

నవ్వు గదిలో గాలి కదిలించింది గాని, ప్రశ్న చెక్కుచెదరలేదు. నవ్వు వల్లే ఆ ప్రశ్న బయటికొచ్చిందని ఇప్పుడు అనిపిస్తుంది. అంతవరకూ అది నా వీపు వెనకే తిరిగేది. దానికి జోకు జవాబు కాదు. నిజం చెబుదామంటే, నా దగ్గర నిజమే లేదు. నా ఫోనుకి వచ్చిన చోట్లు ఎవరెవరు చూస్తారో నేను ఆఫీసులో అడగలేదు. ఎందుకు నాకే చెప్పాలన్నారో కూడా అడగలేదు. తమ్ముడి సంగతి ఆఫీసువాళ్ళకీ తెలుసు. మొదటిసారి నాకూ అనుమానం వేసింది, నా ఆఫీసు మీదే.

"తెలీదు. అందుకని నాకు చెప్పకండి," అన్నాను.

బోర్డు మీద రాసిన నా ఫోను నంబరు అరచేత్తో తుడిచేశాను. మీ ఇంట్లో మనిషికి చెప్పండి, ఆ మనిషి నోరు విప్పేది మీరు చెప్పిన వేళకి తిరిగి రాకపోతేనే అన్నాను. ఆఫీసుకి ఏం జవాబు చెప్పుకోవాలో అప్పటికి ఆలోచించలేదు. ముసలమ్మ మాత్రం ఆలోచించింది.

"ఒలమ్మీ, జీతమిచ్చే పెశ్న తుడిసీసినావు. రేపట్నుంచి నాతో సేపలమ్ముదువుగాని, రా," అంది. మళ్ళీ నవ్వారు. ఈసారి నాకూ మనసారా నవ్వొచ్చింది.

మధ్యాహ్నం బోటు దింపడం చూడ్డానికి ఒడ్డుకి వెళ్ళాను. కొబ్బరికాయ కొట్టారు, పసుపు రాశారు, నలుగురూ భుజం పట్టారు. నన్ను కూడా పట్టమన్నారు, పట్టాను. బోటు తేలాక కుర్రవాడు ఒడ్డుకి తిరిగొచ్చి భార్య దగ్గర నిలబడ్డాడు. చెప్పబోయి నా వైపు చూశాడు. చిరునవ్వే, పొద్దుటిదే. అలా నవ్వుతూ నేను కదిలేదాకా ఆగాడు.

నా మనిషి, నా భాష, పొద్దున నా చేతి నీళ్ళు తాగినవాడు. గాలి నా వైపే వీస్తోంది, మాట వినబడుతుందని ఇంకొంచెం దూరం నడిచాను. వెనక్కి తిరిగి చూసేసరికి అతను భార్య చెవిలో చెబుతున్నాడు. ఆమె తల ఊపి, చెయ్యెత్తి సముద్రంలో ఒక వైపు చూపించి, అటేనా అన్నట్టు మళ్ళీ అడిగింది.

నేను చటుక్కున మొహం తిప్పేసుకున్నాను, ఆ వేలు ఎటు చూపిస్తోందో కనబడకుండా.