నేను కలిపిన పద్నాలుగో రోజు

డిసెంబర్ వస్తే అమెరికాలో, జార్జియా రాష్ట్రపు అల్ఫారెట్టాలో మా వీధి దీపాలు చూసి, విమానాశ్రయం ఇదేననుకుని విమానాలు మా వాకిట్లో దిగుతాయేమోనని నాకు భయం. అంత వెలుగులోనూ పక్కిల్లు ఒక్కటి చీకటిగా ఉండేది. అందులో సెర్బియా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. ఆ వేసవిలోనే భర్త పోయాడు.

ఇరవై ఐదో తేదీ పొద్దున నేను తలగడంత కేకు మోసుకెళ్ళి "మెర్రీ క్రిస్మస్, ఆంటీ" అన్నాను. ఆవిడ కేకుని పరాయి పిల్లాడిని చూసినట్టు చూసింది.

"ఇందులో గుడ్లున్నాయి, వెన్నుంది. మాకింకా ఉపవాసం, ఇంజనీర్." నా పేరు నోరు తిరగక నన్నలాగే పిలిచేది. "నలభై రోజులు మాంసం, పాలు, గుడ్లు ముట్టం. మాది పాత క్యాలెండర్, మా డిసెంబర్ ఇంకా సగం కూడా కాలేదు."

తర్వాత అసలు మాట చెప్పింది. ఆవిడ చర్చి గంట దూరం. ఇన్నేళ్ళూ భర్తే డ్రైవ్ చేసేవాడు. ఈసారి నేను తీసుకెళ్తానా? కూతురేమో ఒహాయోలో ఉంది, అందరిలాగే కొత్త క్యాలెండర్ చర్చికి వెళ్తుంది. "దేవుడు తేదీ చూడడమ్మా, ఇల్లు అమ్మేసి వచ్చెయ్" అని రోజూ ఫోన్. ఈ ఒక్క పండగ తన కాళ్ళ మీద చేసుకుంటే ఆ నోరు మూయించవచ్చని ఆవిడ ఆశ.

"మా ఇరవై ఐదో తేదీన, పొద్దున ఏడింటికి బయల్దేరాలి. మా నాయనమ్మ చిన్నప్పుడు మీ లెక్కకీ మాకూ పన్నెండు రోజుల తేడా ఉండేదట. ఆ తర్వాత ఒకటి పెరిగి..."

"లెక్క నాకు వదిలెయ్యండి ఆంటీ!" అన్నాను. పంచాంగాలు రెండై, పూర్వపద్ధతి వాళ్ళకొక రోజూ దృగ్గణితం వాళ్ళకొక రోజూ పండగ వచ్చిన ఇంట్లో పెరిగినవాణ్ణి. పైగా రెండువేల సంవత్సరం దాటితే కంప్యూటర్లన్నీ కుప్పకూలతాయని ప్రపంచం వణికినప్పుడు, ఆ తేదీలు సరిచెయ్యడానికే నన్ను అమెరికా విమానం ఎక్కించారు. నాకా క్యాలెండర్ పాఠం?

విషయం నాకు బాగానే తెలుసు. పాత క్యాలెండర్ నాలుగేళ్ళకోసారి తప్పకుండా ఒక రోజు కలుపుతుంది. సూర్యుడి ఏడాది ఆ లెక్కకంటే పదకొండు నిమిషాలు తక్కువ. ఆ నిమిషాలు శతాబ్దాల తరబడి పేరుకుని పది రోజులయ్యాక, కొత్త క్యాలెండర్ వాళ్ళు ఆ పదినీ ఒక్క దెబ్బకు ఎగరగొట్టి, ఇకమీదట శతాబ్దం మారే ఏడాదిలో లీపు రోజు వద్దన్నారు. 1700, 1800, 1900, ఒక్కోసారి ఒక్కో రోజు తేడా పెరిగింది. పది, మూడు, పదమూడు. పాత లెక్క వదలని చర్చిలు కూడా క్రిస్మస్ డిసెంబర్ ఇరవై ఐదునే చేసుకుంటాయి. అది మన గోడ క్యాలెండర్‌లో ఆలస్యంగా వస్తుంది, అంతే.

మరి రెండువేల సంవత్సరం కూడా శతాబ్దం మారినదే కదా? ఇంకొకటి కలిపాను. పద్నాలుగు. జనవరి ఎనిమిదికి ఆఫీసులో సెలవు పెట్టాను. సెలవు మంజూరైనప్పుడు నా అంతటి ఖగోళవేత్త ఈ జార్జియాలో లేడనుకున్నాను.

జనవరి ఏడున, తెల్లారకముందే ఆఫీసుకి వెళ్ళి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి, నాలుగు మీటింగుల మధ్య నలిగి ఇంటికొచ్చాను. గుమ్మంలోనే మా ఆవిడ ఎదురైంది.

"ఏమండీ, పొద్దున నేను ఆఫీస్‌కి వెళ్తుంటే పక్కింటావిడ ఎలుగుబంటంత కోటు వేసుకుని మెట్ల మీద నిలబడుంది. ఎవరి కోసమో అనుకున్నా. కొంపదీసి మీ కోసమేనా?"

ఫోన్ చూశాను. ఆవిడ నంబరు నుంచి తొమ్మిది కాల్స్. అప్పుడు వెలిగింది నా బుర్ర. నాలుగు వందలతో భాగింపబడే ఏడాదికి కొత్త క్యాలెండర్‌లోనూ లీపు రోజు ఉంటుంది. రెండువేలలో రెండు క్యాలెండర్లూ ఆ రోజును కలుపుకున్నాయి, తేడా పెరగలేదు. ఆ ఒక్క నియమాన్నే వేల ప్రోగ్రాముల్లో వెతికి వెతికి సరిచేసి, ఆ జీతంతోనే ఈ వీధిలో ఇల్లు కొన్నాను.

పరుగెత్తాను. ఆవిడ కోటు విప్పకుండా కుర్చీలో కూర్చుని ఉంది. ప్రసాదం తీసుకునేదాకా ఏమీ తినకూడదని రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"ఆంటీ, రేపు తీసుకెళ్తాను."

"రేపు వెళ్ళొచ్చు ఇంజనీర్. ఇవాళ్టికి వెళ్ళలేను."

తిట్టి ఉంటే బాగుండేది. లోపల ఫోన్ స్పీకర్‌లో కూతురు ఆ పని చేస్తూనే ఉంది. "చూశావా అమ్మా? నిన్ను ఎవరు తీసుకెళ్తారు అక్కడ?"

ఆవిడ లేచి కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. వేసవిలోపే ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు వీధి పరువు నిలబెట్టేటన్ని దీపాలు పెట్టారు.

2100లో ఆ తేడా నిజంగానే పద్నాలుగవుతుంది, ఆ పైన వాళ్ళ క్రిస్మస్ జనవరి ఎనిమిదే. నేను తప్పు చెయ్యలేదు, కాస్త ముందు పుట్టానంతే అని స్నేహితుల దగ్గర నవ్విస్తుంటాను. మా ఆవిడ నవ్వదు.

మరుసటి డిసెంబర్‌లో ఒహాయో నుంచి కార్డు వచ్చింది. సరిగ్గా ఇరవై ఐదుకి ముందు రోజు. లోపల వణికే అక్షరాల్లో రెండు వాక్యాలు: "ఇక్కడ పండగ రేపే. ఇక నీకు లెక్క సులువు, ఇంజనీర్."