అన్నయ్య జీతంలో సగం

బ్యాంకులో ఇంటి అప్పుల బల్ల దగ్గర కూర్చునే ఆయనకి సగం సారు అని పేరు పడిపోయింది. ఎవరు జీతం కాగితం తెచ్చినా ఆయన పాట ఒకటే. "పన్నూ, పీఎఫూ పోగా మిగిలినదాంట్లో సగం. మీరు కట్టే వాయిదాలన్నీ కలిపినా ఆ సగం దాటకూడదు. మిగతా సగంతో తినాలా వద్దా?"

ఓవర్‌టైం కూడా కలపమని గడ్డం పట్టుకున్నా వినేవాడు కాదు. ఈ నెల ఉండి వచ్చే నెల లేనిది జీతమెలా అవుతుందని ఎదురడిగేవాడు. ఎంతోమందిని కొంప మునగకుండా కాపాడానని పద్దెనిమిదేళ్లుగా ఆయనకి ఒకటే గర్వం. కొంత నిజమే, కాదనను.

ఒక మధ్యాహ్నం ఆ బల్ల ముందుకి ఆయన అన్నే వచ్చి కూర్చున్నాడు. నీటి సరఫరా పంపుల దగ్గర ఫిట్టరు. గోళ్ల సందుల్లో గ్రీజు ఏ సబ్బుకీ లొంగని మనిషి. పదిహేడేళ్లుగా అద్దెకుంటున్న ఇంటిని యజమాని అమ్మేస్తున్నాడు. ఇరవై ఎనిమిది లక్షలు. ముందు మీరే కొనుక్కోండి, లేదంటే నెలలో ఖాళీ చెయ్యండి అన్నాడు. అన్న దగ్గర ఆరు లక్షలున్నాయి, ఇరవై రెండు కావాలి.

"మనవాళ్ల ఫైలు నేను చూడకూడదన్నయ్యా, పక్క బల్లకి వెళ్తుంది. ఎంత వస్తుందో మాత్రం చెప్తా," అని తమ్ముడు కాగితం లాక్కున్నాడు.

పన్నూ, పీఎఫూ పోగా అన్నకి యాభై రెండు వేలు వస్తుంది. సగం ఇరవై ఆరు వేలు. వయసు నలభై ఎనిమిది కాబట్టి పదవీ విరమణకి పన్నెండేళ్లే, అప్పు ఆలోపే తీరాలి. తొమ్మిది శాతం వడ్డీకి లక్షకి నెలనెలా పదకొండు వందల ముప్పై ఎనిమిది. ఆ లెక్కన ఇరవై రెండు లక్షల ఎనభై వేలదాకా వస్తుంది.

"సరిపోయిందిరా!" అన్నాడు అన్న. ఆ ముఖం చూసి తమ్ముడికీ ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులోనే జీతం కాగితంలో కోతల వరస చివరిదాకా చదివాడు.

"సొసైటీ లోను, ఏడు వేలు. ఇదేంటన్నయ్యా?"

"మా ఉద్యోగుల సొసైటీది. ఇంకా నాలుగేళ్లుంది."

"నువ్వెందుకు తీశావు?"

అన్న నీళ్లు నమిలాడు. "నీ ఇంటికేరా. దాచుకున్నదని చెప్పకపోతే నువ్వు పుచ్చుకునేవాడివా?"

ఆరేళ్ల కిందట తమ్ముడు మూడు గదుల ఫ్లాటు కొంటుంటే అయిదున్నర లక్షలు తక్కువపడ్డాయి. అన్న తెచ్చిచ్చి, వీలైనప్పుడు ఇద్దువులే అన్నాడు. ఆ వీలు ఆరేళ్లయినా రాలేదు, రానివ్వలేదు కూడా.

"ఆ ఏడు వేలూ నీ సగంలోంచే పోతాయన్నయ్యా. మిగిలేది పంతొమ్మిది వేలు. పదహారు లక్షల డెబ్బై వేలు కూడా దాటదు."

"సొసైటీకి నా ఆరు లక్షల్లోంచి కట్టేస్తే?"

"బాకీ ఇంకా రెండు లక్షల ఎనభై వేలుంటుంది. అది పోతే నీ చేతిలో మూడుంపావు కూడా మిగలవు. ఇల్లు కొనాలంటే ధరలో అయిదో వంతు నువ్వు పెట్టాలి, దానికే చాలవు."

అన్న తలూపాడు. తనిచ్చింది తిరిగిమ్మని అడగలేదు. అడిగే మనిషైతే ఆ అప్పే చేసుండడు.

తమ్ముడి పేర అదే బ్యాంకులో మూడు లక్షల డిపాజిట్ ఉంది. పిల్ల పైచదువుకని వేసింది, ఆ చదువు ఇంకా అయిదేళ్ల మాట. అది గడువుకి ముందే తీసి సొసైటీ బాకీ తీరిస్తే అన్న ఆరు లక్షలూ పదిలం, ఇరవై ఆరు వేల సగమూ పదిలం, ఇల్లు అన్నది. ఒకరికివ్వడం కూడా కాదు, తన బాకీ తను తీర్చుకోవడం. ఇంత లెక్క వేళ్ల మీద వేసే మనిషికి తట్టకపోవడమేమిటి? ఆ మాట నోటిదాకా వచ్చింది.

"ఇంట్లో ఒక మాట అడిగి చెప్తానన్నయ్యా," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అడగలేదు. మర్నాడూ అడగలేదు. పాపం ఆ ఇల్లాలి మీద నింద వెయ్యడానికి కూడా లేదు, అడిగితే ఔననేదేమో. వారం తర్వాత అన్నకి ఫోన్ చేసి, "మేనేజరుతో కూడా మాట్లాడానన్నయ్యా, రూలు ఒప్పుకోదట," అన్నాడు. ఏ మేనేజరుతోనూ మాట్లాడలేదు.

నెల తిరిగేసరికి ఇల్లు వేరేవాళ్లకి అమ్ముడుపోయింది. అన్నయ్య సామాను ఊరి చివర ఒంటి గది వాటాకి వెళ్లే లారీలోకి ఎక్కుతుంటే, తమ్ముడు సెలవు పెట్టి మరీ వచ్చి బీరువాకి ఓ చెయ్యి వేశాడు. వదిన ఖాళీ వంటగదిలోంచి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిచ్చింది.

"మొహం అలా పెట్టుకోకయ్యా," అంది. "చేతిలో ఉంటే నువ్వు చెయ్యకుండా ఉంటావా? రూలు రూలే కదా."

"అవునొదినా," అన్నాడు తమ్ముడు.