ఖాళీగా వదిలిన చెంప

మిర్యాలగూడలో లింగస్వామి నలభై ఏళ్లు బోర్డులు రాశాడు, చనిపోయినవాళ్ల బొమ్మలు సిరాతో గీశాడు. కళ, తపస్సు లాంటి మాటలంటే ఆయనకు చిరాకు. అది కూలి పని, అంతే. పోయినేడు పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. మొన్న భార్య ఉప్పలమ్మ పోయింది.

దశదినకర్మ ఫ్లెక్సీ కోసం ఆమె ఆధార్ ఫోటో పట్టుకుని, కంప్యూటర్లో ఏఐతో బొమ్మలు చేసి ఫ్లెక్సీలు వేసే సుజాత దుకాణానికి వెళ్లాడు. బొమ్మ తన చేతి తీరులోనే ఉండాలన్నాడు.

"నీ పేరు కొడితే ఏఐకి తెల్వది కాకా. బతికున్న పెద్ద ఆర్టిస్టుల పేర్లు నేను కొట్ట, అది దొంగతనమైతది. నీ గీత ఎట్లుంటదో మాటల్ల చెప్పు, రాస్త."

"నల్ల సిరా. సన్నగ, తక్కువ గీతలు. నీడున్నకాడ వాలుగీతల మీద ఎదురుగీతలు. వెలుగున్నకాడ కాగితం ఖాళీగ ఇడువు."

సుజాత ఫోటో ఎక్కించి అట్లాగే టైపు చేసింది. బొమ్మలో గీతలు అచ్చం ఆయనవే. ముఖం మాత్రం పాతికేళ్ల పిల్లది. తక్కువ గీతలు అన్నందుకు ముడతలన్నీ ఎగిరిపోయాయి.

"చిన్నమ్మ పడుసుపిల్లయింది గద!" అని నవ్వబోయి సుజాత ఆగిపోయింది. "ఫోటో మసకగున్నది కాకా. చెంప మీద ముడతలు ఎట్లుంటుండె?"

లింగస్వామి ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఊరందరి ముఖాలు గీసినవాడు ఆమెను ఒక్కసారీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చూడలేదు.

"కండ్లకింద రెండు గీతలు పెట్టు. చెంప ఖాళీగనే ఉండనీ బిడ్డా," అన్నాడు చివరికి. "సూసినోళ్లు వెలుగనుకుంటరు."