మేనమామ ఇచ్చిన సుగర్ పొడి

మా మేనమామ అరకు సంతలో మూలికలు అమ్ముతాడు. నాకు సుగర్ ఉందనీ, గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటున్నాననీ ఆయనకు తెలుసు. తెలిసే, మెంతులు, దాల్చినచెక్క, పొడపత్రి ఆకు కలిపి దంచిన పొడి నా చేతిలో పెట్టాడు.

"నేను మాత్రలు మానీసి ఇదే తాగుతన్నానే గుంటా. నువ్వూ తాగు. ఆకులూ గింజలే కదా, ఏటీ అవదు" అన్నాడు.

సొంత మేనమామ మాట నమ్మక ఇంకెవరిది నమ్మాలి? కాకపోతే మాత్ర మానే ధైర్యం చాలలేదు. రెండూ వేసుకున్నాను.

ఓ పొద్దున కాఫీ గింజలు ఎండబోస్తుంటే చేతులు వణికాయి, ఒళ్లంతా చెమట పట్టింది, చూపు మసకబారింది. మా చెల్లెలు పంచదార నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ పొడి సంగతంతా విన్నారు. "మెంతులు సుగర్‌ని కొంచెం తగ్గిస్తాయని చిన్న చిన్న పరిశోధనల్లో కనిపించింది. దాల్చినచెక్క సంగతి ఇంకా గట్టిగా తేలలేదు. పొడపత్రీ తగ్గించొచ్చు. ఏదీ మాత్రకు బదులు కాదమ్మా. కానీ మీ మాత్రకు ఇవన్నీ తోడైతే సుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు" అన్నారు.

బయటికొచ్చేసరికి మందులిచ్చే కిటికీ దగ్గర మామయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో నేను వేసుకునే మాత్రల షీటే.

"ఏటి మావా, మానీసేనన్నావు?"

"గట్టిగా అనకే."

"మరి పొడి తాగవా?"

నాకేమీ తెలియదన్నట్టు జాలిగా చూశాడు. "పిచ్చిదానా, మాత్రేసుకునేవోడు ఆ పొడి కూడా తాగితే కళ్లు తిరిగి పడిపోడేటి?"