బావకి నేను చూపించిన సినిమాలు

మా బావ పొందూరులో నేత పని చేసేవాడు. గ్లకోమా వచ్చి చూపు పోయాక, సినిమాలకి ఆయన కళ్లు నేనే. ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లో టీవీ ముందు పక్కనే కూర్చుని, తెర మీద ఏం జరుగుతోందో చెవిలో చెప్పేవాణ్ణి. ఉన్నదున్నట్టు చెబితే నా నోటికి అవమానం కదా! అందుకని ప్రతి హీరోకీ పొందూరు పంచె కట్టించాను. దుబాయిలో ఫైటయినా సరే, పంచె మీదే. బావ మురిసిపోయి, "ఎన్నో నెంబరు నూలురా?" అనేవాడు.

"వంద బావా, సన్న నూలు," అనేవాణ్ణి, తెరకేసి చూడకుండానే.

మా అక్కకి చెవుడు. ఆమెకి తెర కింద వచ్చే అక్షరాలే ఆధారం. ఓ ఆదివారం, "ఒరే, అచ్చరాలు సీమల్లాగున్నాయి, పెద్దవి సెయ్యరా," అంది. రిమోట్ నొక్కి సబ్‌టైటిల్స్ సైజు పెంచి, వెనక నల్లపట్టీ పెట్టాను. అక్షరాలు గుమ్మడికాయలంతయ్యాయి. పక్కనే ఆడియో వరసలో 'తెలుగు, ఆడియో డిస్క్రిప్షన్' అని కనిపించింది. ఏటో సూద్దామని అదీ నొక్కాను.

మాటలు ఆగిన సందులో, తెర మీద జరిగేది చెబుతూ ఓ ఆడగొంతు పలికింది: "చిరిగిన జీన్స్ ప్యాంటుతో అతను బస్సు దిగాడు."

బావ తల నా వైపు తిరిగింది. "పంచేదిరా?"

"ఉతుక్కేసారు బావా."

"నోర్ముయ్! ఇన్నేళ్లూ ఇదే పనా?"

నా కుర్చీ పోయిందనుకున్నాను. ఆ కుర్చీ పోతే నా కోతలు నమ్మేవాడు జిల్లాలో ఇంకొకడు లేడు.

ఇంతలో మళ్లీ ఆ గొంతు. "ముసలామె కవరు విప్పలేదు. బొటనవేలితో దాని అంచు నిమిరి, బియ్యం డబ్బాలో దాచింది." ఆ సినిమా నేను అప్పటికే రెండుసార్లు చూశాను. ఆ బొటనవేలు నాకెప్పుడూ కనబడలేదు. బావ వేలు మాత్రం ఒళ్లో తువ్వాలు అంచు మీద మెల్లగా కదిలింది.

తెర కింద '[దూరంగా వాన చప్పుడు]' అని పడింది.

"వానొస్తందట," అంది అక్క.

"అవునే, ఇనబడతంది," అన్నాడు బావ.

ఆమె కంటితో, ఆయన చెవితో, ఇద్దరూ ఒకే క్షణాన ఒకే వానలోకి వెళ్లారు. ఆ తరవాత సినిమా అయ్యేదాకా నోరెత్తలేదు. అది నా జీవితంలో రికార్డు.

"ఇలాగ సెప్పే సినిమాలే ఎతుకు," అన్నాడు బావ. ఒక్కో సినిమా వివరాల్లోకెళ్లి చూశాను. అన్నిటికీ ఆ సదుపాయం లేదు, తెలుగులో మరీ తక్కువ. రెండు దొరికాయి. ఆయన మనసుపడ్డ పాత సినిమాకి మాత్రం లేదు. ఆ సినిమా టీవీలో పెట్టి నేను లేచాను.

"ఎక్కడికిరా? కూకో. దీనికి ఆవిడ లేదు కదా, నువ్వే సెప్పు." కుర్చీ తట్టి అన్నాడు, "ఉన్నదే సెప్పు."

కూర్చున్నాను. కన్నార్పకుండా తెరకేసి చూశాను.

"ఒకావిడ గుమ్మంలో నిలబడింది బావా. చేతిలో... ఉండు, సూసి సెప్తాను."